స్టీల్ పాన్‌లో నీటిబొట్టు పరీక్ష: బొట్టు ఎప్పుడు జారుతుంది, జారాక ఏం చేయాలి

స్టీల్ పాన్ కొన్న ప్రతివాళ్లూ కొద్ది రోజుల్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "నీళ్లు చల్లి చూశానండీ, చిటపటమంది. వెంటనే నూనె పోసి చేప ముక్క వేశాను. అయినా పైపొర అంతా పాన్‌కే అంటుకుపోయింది. ఎందుకు?"

జవాబు ప్రశ్నలోనే ఉంది. చిటపటమంది కాబట్టే అంటుకుంది. పాన్ సరిగ్గా కాగినప్పుడు నీటిబొట్టు చిటపటమనదు. గుండ్రంగా ముడుచుకుని, దాదాపు చప్పుడు లేకుండా, పాన్ మీద జారుతూ తిరుగుతుంది. దీన్నే లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు. ఆ బొట్టును ఎలా వేయాలి, ఎలా చూడాలి, అది జారడం మొదలుపెట్టాక వచ్చే ఒక్క నిమిషంలో ఏం చేయాలి అన్నదే ఈ మార్గదర్శి.

## 1. బొట్టు కింద ఏం జరుగుతోంది

ఇది అర్థమైతే మిగతా వరుసంతా బట్టీ పట్టాల్సిన పని ఉండదు. అందుకే ముందు ఇది.

పాన్ 130, 140 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నీటిబొట్టు లోహానికి నేరుగా తగులుతుంది. తగిలిన చోటల్లా ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. మనకు వినిపించే "చుయ్" అదే. నీరు లోహానికి అతుక్కుని ఉంది కాబట్టి వేడి దానిలోకి జోరుగా వెళ్తుంది, బొట్టు కొన్ని సెకన్లలోనే ఇగిరిపోతుంది.

పాన్ వేడి ఇంకా పెరిగే కొద్దీ ఆవిరి పుట్టే వేగం పెరుగుతుంది. ఒక దశలో బొట్టు అడుగున పుట్టే ఆవిరి పక్కలనుంచి తప్పించుకునే లోపే కొత్త ఆవిరి వచ్చి చేరుతుంది. అప్పుడు బొట్టుకూ లోహానికీ మధ్య ఆవిరి పొర ఒకటి నిలబడిపోతుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. బొట్టు ఆ పొర మీద తేలుతుంది. కింద రాపిడి లేదు కాబట్టి ఏ మాత్రం వాలు ఉన్నా అటు జారిపోతుంది.

ఆవిరి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. నీటితో పోలిస్తే ఇరవయ్యో వంతు కూడా మోయదు. అందుకే విచిత్రంగా అనిపించేది జరుగుతుంది: 160 డిగ్రీల పాన్ మీద చూస్తుండగానే మాయమయ్యే బొట్టు, 210 డిగ్రీల పాన్ మీద నిమిషం దాకా కూడా తిరుగుతూ ఉంటుంది. పాన్ ఎక్కువ వేడిగా ఉంటే బొట్టు ఎక్కువసేపు బతుకుతుంది. వంటగదిలో ఈ పరీక్ష ఉపయోగపడేది ఈ తలకిందుల లెక్క వల్లే.

ఏ డిగ్రీ దగ్గర బొట్టు తేలుతుంది? 193 అన్న అంకె తరచు కనిపిస్తుంది గానీ, దాన్ని గీత గీసినట్టు పట్టుకోవద్దు. లోహం ఎంత నున్నగా ఉంది, బొట్టు ఎంత పెద్దది, నీళ్లలో ఉప్పులు ఎంత ఉన్నాయి అన్నవాటిని బట్టి అది మారుతుంది. శుభ్రమైన, నున్నటి స్టీల్ పాన్‌కైతే "దాదాపు 200" అనుకుంటే వంటకు సరిపోతుంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఈ పరీక్షకు ఆ రెండు డిగ్రీల తేడా లెక్కలోకి రాదు. కోఠీలో చేసినా కాకినాడలో చేసినా ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. బొట్టు 200 దగ్గరా జారుతుంది, 250 దగ్గరా జారుతుంది, 300 దగ్గరా జారుతుంది. చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. అంటే ఈ పరీక్ష "కనీసం ఇంత వేడెక్కింది" అని మాత్రమే చెప్తుంది. "ఇక చాలు, ఎక్కువైంది" అని ఎప్పుడూ చెప్పదు. కాబట్టి జారే బొట్టును చూడటం ఒక్కటే సరిపోదు, మొదటిసారి జారిన క్షణాన్ని పట్టుకోవాలి. కింద చెప్పే వరుసంతా దానికోసమే.

## 2. ఏ పాత్రకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు

పనికొచ్చేవి: మందమైన అడుగున్న స్టీల్ పాన్, ట్రై-ప్లై పాన్ లేదా కడాయి. మధ్యలో అల్యూమినియం పొర ఉంటుంది కాబట్టి వేడి సమంగా పరుచుకుంటుంది.

అంతంతమాత్రం: బేగంబజార్‌లో తూకానికి దొరికే పల్చటి స్టీల్ గిన్నెలు. మంట తగిలిన చోట 250, రెండంగుళాల అవతల 150 ఉంటుంది. బొట్టు ఒకచోట జారి ఇంకోచోట చిటపటమంటుంది. ఆ గిన్నెలో చారు కాచుకోండి, చేపలు వద్దు.

ఎప్పుడూ చేయకూడనివి: నాన్‌స్టిక్, పూత ఉన్న "గ్రానైట్" పాన్‌లు. రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ పూత నీటిని సహజంగానే దగ్గరికి రానివ్వదు. చల్లటి నాన్‌స్టిక్ మీద కూడా నీరు తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలుస్తుంది. అది వేడికి గుర్తు కాదు. రెండోది, టెఫ్లాన్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఇంకా పెరిగితే చెడ్డ పొగలు వస్తాయి. ఖాళీ పాన్‌కు పెద్ద మంట మీద ఆ వేడి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. ఇంట్లో లవ్‌బర్డ్స్ లాంటి పక్షులుంటే ఆ పొగ వాటికి ప్రాణాంతకం.

ఇనప పెనం సంగతి వేరు. దాని గురించి 8వ భాగంలో చెప్తాను.

## 3. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

బొట్టు జారడం మొదలయ్యాక వెతుక్కునే టైం ఉండదు. అన్నీ స్టవ్ పక్కన చేతికందేలా పెట్టుకోండి.

- శుభ్రమైన, పూర్తిగా పొడిగా ఉన్న పాన్. నిన్నటి నూనె జిడ్డు ఉంటే బొట్టు అబద్ధం చెప్తుంది.
- చిన్న గిన్నెలో ఫిల్టర్ నీళ్లు, ఒక చిన్న చెంచా. మందుసీసాతో వచ్చే డ్రాపర్ ఉంటే ఇంకా మంచిది.
- నూనె, కొలిచి గిన్నెలో పోసి ఉంచినది.
- పొడి నూలుగుడ్డ లేదా టిష్యూ, దాన్ని పట్టుకోవడానికి పట్టకారు.
- వండబోయే పదార్థం, తడి తుడిచి, ఫ్రిజ్‌లోంచి ముందే బయటపెట్టినది.
- చిమ్నీ లేదా ఎగ్జాస్ట్ ఆన్.

బోరు నీళ్లు వాడొద్దు. మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బొట్టు ఇగిరాక పాన్ మీద తెల్ల మచ్చ మిగులుతుంది, ఆ గరుకు వల్ల తర్వాతి బొట్టు కూడా తేడాగా ప్రవర్తిస్తుంది. ఇప్పటికే మచ్చలు పడి ఉంటే కొంచెం వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేసి గోరువెచ్చగా చేసి తోమితే పోతాయి.

## 4. పరీక్ష, వరుసగా

1) ఖాళీ పాన్, మీడియం మంట. హై మీద పెట్టకండి. హై మీద పాన్ 180 నుంచి 260కి చూస్తుండగానే వెళ్తుంది, మధ్యలో మనకు కావలసిన క్షణం చేజారిపోతుంది. మీడియం మీద అది నిదానంగా వస్తుంది, పాన్ అంతా సమంగా వేడెక్కుతుంది. మంట పాన్ అడుగు దాటి పక్కలకు పాకకూడదు.

2) మొదటి రెండు నిమిషాలు ఏమీ చేయొద్దు. తొందరపడి నీళ్లు వేస్తూ పోతే ప్రతిసారీ పాన్ కొంత చల్లబడుతుంది. అలాగని ఖాళీ పాన్‌ను స్టవ్ మీద వదిలేసి ఫోన్ మాట్లాడ్డానికి బాల్కనీలోకి వెళ్లకండి.

3) మొదటి బొట్టు. చెంచాలో ఎనిమిదో వంతు, అంటే పది పన్నెండు చుక్కలు కలిసి ఒకే బొట్టుగా, పాన్ మధ్యలో, దగ్గరనుంచి మెల్లిగా వదలండి. వేళ్లు తడిపి చిలకరించే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. చిలకరిస్తే పడే సన్నటి తుంపరలు 200 రాకముందే అటూ ఇటూ ఎగిరి మాయమవుతాయి. వాటిని చూసి ఏమీ తేల్చలేం. ఒక్క పెద్ద బొట్టయితే మోసం చేయదు.

4) బొట్టు జారకపోతే తుడిచేసి, ముప్పై సెకన్లు ఆగి మళ్లీ. అంతకంటే ముందు వద్దు.

5) ఒకే బొట్టుగా నిలిచి జారితే, వెంటనే రెండో బొట్టు అంచుకు దగ్గరగా వేయండి. అక్కడా జారితే పాన్ సిద్ధం. మధ్యలో జారి అంచు దగ్గర చిటపటమంటే మంట కొంచెం తగ్గించి ఇంకో నిమిషం ఇవ్వండి, వేడి పాకుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద ఇది తప్పకుండా చూసుకోవాలి. చవక ఇండక్షన్‌లలో కాయిల్ చిన్నది, పాన్ మీద ఒక రింగు మాత్రమే కాగి మిగతాది చల్లగా ఉంటుంది.

నూనె పోసిన తర్వాత మాత్రం ఈ పరీక్ష ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. నీరు నూనె కిందకి దిగి ఒక్కసారిగా ఆవిరై, కాగిన నూనెను మొహం మీదికి చిమ్ముతుంది.

## 5. బొట్టు చెప్పేది చదవడం

కళ్ల కంటే చెవులే ఇక్కడ బాగా పనిచేస్తాయి.

పరుచుకుని కూర్చుంటే, అడుగున చిన్న బుడగలుంటే: పాన్ ఇంకా 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంది. చప్పుడు దాదాపు ఉండదు. బొట్టు చదునుగా, తీరిగ్గా ఉంటుంది. ఈ నిశ్శబ్దాన్ని చివర వచ్చే నిశ్శబ్దంతో కలపొద్దు.

ఉన్నచోటే "చుయ్"మని మరిగి ఇగిరిపోతే: 110 నుంచి 150 మధ్య. పోపుకు, ఉల్లిపాయలు మగ్గించడానికి ఈ వేడి చాలు.

పగిలి, చిన్న చిన్న బొట్లుగా చెల్లాచెదురై, చిటపటలాడుతూ మాయమైతే: సుమారు 150 నుంచి 190. దాదాపు అందరూ పొరపడేది ఇక్కడే. బొట్లు ఎగురుతున్నాయి కదా, డాన్స్ చేస్తున్నాయి కదా అని నూనె పోసేస్తారు. ఈ దశలో నీరు ఇంకా లోహాన్ని తాకుతోంది. తాకిన ప్రతిసారీ ఆవిరి పేలి బొట్టును విసిరికొడుతోంది. ఆవిరి పొర ఇంకా నిలదొక్కుకోలేదు. చప్పుడు ఉందంటే తాకుతున్నట్టే.

ఒకే బొట్టుగా గుండ్రంగా ముడుచుకుని, మెరుస్తూ, చప్పుడు లేకుండా జారితే: కావలసింది ఇదే. పాన్‌ను కొంచెం వంచితే బొట్టు ఏమాత్రం తడి మరక వదలకుండా అటు పరుగెడుతుంది. మరక వదిలితే ఇంకా కాలేదని అర్థం.

నూనె పోయగానే పొగ వస్తే, పాన్ అడుగున పసుపు లేదా ఇంద్రధనుస్సు రంగు తేలితే: దాటిపోయింది. స్టీల్ మీద ఆ లేత పసుపు రంగు 300 డిగ్రీల దగ్గర్లో మొదలవుతుంది. బొట్టు మాత్రం ఏమీ ఎరగనట్టు జారుతూనే ఉంటుంది. ఆ రంగు వల్ల ప్రమాదం లేదు, వెనిగర్‌తో తోమితే పోతుంది. కానీ ఆ వేడిలో వంట చేయొద్దు. స్టవ్ ఆపి రెండు మూడు నిమిషాలు ఆగండి. తొందరగా చల్లబడాలని నీళ్లు గుమ్మరిస్తే అడుగు వంగిపోతుంది.

ఆన్‌లైన్‌లో కొన్న లేజర్ థర్మామీటర్ గన్‌తో పోల్చి చూసి "బొట్టు జారుతోంది గానీ గన్ 80 చూపిస్తోంది" అని చెప్పేవాళ్లున్నారు. ఈ విషయంలో నమ్మాల్సింది బొట్టునే. మెరిసే స్టీల్ వేడి కిరణాలను చాలా తక్కువగా వెలువరిస్తుంది, చుట్టుపక్కల వస్తువుల కిరణాలనే అద్దంలా తిప్పి పంపుతుంది. గన్ మాత్రం ఎదురుగా ఉన్నది మెరుపు లేని ఉపరితలం అనుకుని లెక్కవేస్తుంది. ఇనప పెనం మీద అదే గన్ బాగా పనిచేస్తుంది.

## 6. బొట్టు జారిన తర్వాతి ఒక్క నిమిషం

1. మంటను సిమ్‌కీ మీడియంకీ మధ్యకు తగ్గించండి. ముందు ఇదే. బొట్టును చూసి మురిసిపోతూ ఉంటే పాన్ ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది.
2. పట్టకారుతో గుడ్డ పట్టుకుని నీళ్లన్నీ తుడిచేయండి. ఒక్క బొట్టు మిగిలినా నూనె చిమ్ముతుంది.
3. నూనె పోసి పాన్ తిప్పండి. నూనె వెంటనే పల్చబడి, అలలు అలలుగా మెరుస్తూ పరుచుకోవాలి.
4. పది, పదిహేను సెకన్లు ఆగి పదార్థం వేయండి. నూనె పొగ వచ్చేదాకా ఆగొద్దు.

ఏ నూనె అన్నది ఇక్కడ ముఖ్యం. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు, రిఫైన్డ్ వేరుశనగ నూనెలు 220, 230 డిగ్రీల దాకా పొగ రాకుండా తట్టుకుంటాయి. నెయ్యి కూడా తట్టుకుంటుంది. గానుగ వేరుశనగ నూనె 160 చుట్టుపక్కలే పొగలు కక్కుతుంది, వెన్న ఇంకా ముందే మాడుతుంది. గానుగ నూనే వాడాలంటే నీళ్లు తుడిచాక స్టవ్ ఆపి, పాన్‌ను నిమిషంన్నర చల్లారనిచ్చి అప్పుడు పోయండి. మంచి నూనె కదా అని అధిక వేడిలో పొగబెట్టి వాడటంలో అర్థం లేదు.

ఇంకో అపోహ తీసేయాలి. బొట్టు తేలినట్టే చేప ముక్క కూడా ఆవిరి మీద తేలుతుందని, అందుకే అంటుకోదని చాలామంది చెప్తారు. అది నిజం కాదు. ముక్క బరువుగా ఉంటుంది, వేయగానే పాన్ వేడి పదుల డిగ్రీలు పడిపోతుంది, మధ్యలో నూనె కూడా ఉంది. అంటుకోకపోవడానికి కారణం వేరు. చేపలో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు పచ్చిగా ఉన్నప్పుడు లోహాన్ని పట్టుకుంటాయి. పాన్ బాగా కాగి ఉంటే తగలగానే ఆ పొర గట్టిపడుతుంది, ముక్కలోని తడి ఆవిరై బయటికి తన్నుతుంది, నూనె మధ్యలో నిలబడుతుంది. పట్టుకునే అవకాశం తగ్గుతుంది. నీటిబొట్టు మనకు ఇక్కడ థర్మామీటరు మాత్రమే.

## 7. ఒక వంట మొదటినుంచి చివరిదాకా: కొర్రమీను వేపుడు

రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చిన కొర్రమీను, అరకిలో, రెండు సెంటీమీటర్ల మందం ముక్కలు అనుకుందాం. పాన్ 26 సెంటీమీటర్ల ట్రై-ప్లై. నూనె రెండు పెద్ద చెంచాలు, రిఫైన్డ్.

ముక్కలు కడిగాక టిష్యూతో రెండు వైపులా ఒత్తి తుడవాలి. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, నిమ్మరసం కలిపిన మసాలా గట్టిగా ఉండాలి, జారుగా కాదు. జారుగా ఉంటే మసాలా నీళ్లే పాన్‌ను చల్లబరిచి అంటిస్తాయి. అరగంట నానాక మసాలా నీరు వదిలితే ఆ నీరు వంపేసి, ముక్కల మీద ఒక చెంచా బియ్యప్పిండి చల్లి అద్దండి. ఈ పిండి పైతడిని పీల్చుకుంటుంది.

పాన్ మీడియం మంట మీద పెట్టండి. ఈ సైజు పాన్, మామూలు ఇంటి స్టవ్ మీద రెండో నిమిషంలో వేసిన బొట్టు "చుయ్"మని ఉన్నచోటే మరుగుతుంది. మూడో నిమిషం దగ్గర వేసింది పగిలి చెల్లాచెదురవుతుంది. చాలామంది చేప వేసేది ఇప్పుడే. తుడిచి ఆగండి. మూడున్నర, నాలుగు నిమిషాల మధ్య బొట్టు గుండ్రంగా నిలబడి జారుతుంది. మీ స్టవ్ మీద ఈ నిమిషాలు మారతాయి, వరుస మాత్రం మారదు. ఒకసారి మీ పాన్‌కు ఎంతసేపు పడుతుందో చూసుకుంటే తర్వాత మొదటి బొట్టు ఎప్పుడు వేయాలో తెలిసిపోతుంది.

మంట తగ్గించి, తుడిచి, నూనె పోసి, నాలుగు ముక్కలే వేయండి. మధ్యలో వేలెడు ఖాళీ ఉండాలి. ఆరు ముక్కలు పట్టినా వేయొద్దు. పాన్‌లో దాచుకున్న వేడి అంతమందికి సరిపోదు.

ఇప్పుడు మళ్లీ చెవి పెట్టండి. ముక్కలు పడగానే వచ్చిన "చుయ్" నిలకడగా కొనసాగాలి. అది చప్పబడితే పాన్ చల్లబడినట్టు, మంట కొంచెం పెంచండి. చిటపట ఎక్కువై కారం ఘాటు గొంతు పట్టుకుంటే మసాలా మాడుతున్నట్టు, తగ్గించండి. 200 డిగ్రీల పాన్‌లో కారం మాడటానికి ఎంతోసేపు పట్టదు. నూనె పోసే ముందే మంట తగ్గించమన్నది ఇందుకే.

మూడు నాలుగు నిమిషాలు ముక్కల్ని కదపొద్దు. తర్వాత అట్లకాడ అంచును ఒక మూల కిందికి మెల్లిగా తోయండి. సులువుగా లేస్తే తిప్పండి. పట్టుకుని ఉంటే బలవంతం చేయకుండా ఇంకో ముప్పై సెకన్లు ఆగండి. అడుగు పూర్తిగా వేగి గట్టిపడ్డాక ముక్క తానే వదులుతుంది. రెండో వైపు మూడు నిమిషాలు చాలు.

రెండో వాయికి నీటిబొట్టు పరీక్ష లేదు, పాన్‌లో నూనె ఉంది కదా. రాలిన మసాలా తీసేసి, ఒక చెంచా నూనె చేర్చి, నూనె మళ్లీ అలలుగా మెరిసేదాకా ఆగి వేయండి. అడుగున నల్లగా మాడు ఉంటే కక్కుర్తి పడకుండా పాన్ తుడిచేసి మొదటినుంచి రావడమే నయం.

## 8. బొట్టు జారకూడని వంటలు

ఆమ్లెట్. గుడ్డుకు 200 చాలా ఎక్కువ, అంచులు గోధుమరంగులోకి తిరిగి రబ్బరులా అవుతాయి. పైకి వెళ్లి కిందికి రావాలి: బొట్టు జారేదాకా కాచి, స్టవ్ ఆపి, తుడిచి, ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి. ఇప్పుడు కొత్త బొట్టు వేస్తే ఉన్నచోటే "చుయ్"మని మరగాలి. తుడిచి, నూనె పోసి, సిమ్‌లో గుడ్డు వేయండి. ముందు పైకెందుకు వెళ్లాలంటే పాన్ అంతా సమంగా వేడెక్కడానికి. చల్లటి చోట్లే గుడ్డు ముందు పట్టుకుంటుంది.

చల్లబడేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పటికే తేలుతూ తిరుగుతున్న పాత బొట్టును చూసి ఇంకా వేడిగా ఉందనుకోవద్దు. ఒకసారి ఆవిరి పొర ఏర్పడ్డాక పాన్ బాగా చల్లబడినా అది కొంతసేపు నిలుస్తుంది, తర్వాత ఒక్కసారిగా కూలి "చుయ్"మంటుంది. ప్రతిసారీ కొత్త బొట్టే వేసి చూడండి.

దోశ. ఇనప పెనం మీద నీళ్లు చిలకరించి ఉల్లిపాయ ముక్కతో రుద్దే అలవాటు మనందరికీ ఉంది. అక్కడ కావలసింది "చుయ్" చప్పుడే. చుక్కలు ముడుచుకుని పెనం మీద పరుగెత్తుతుంటే పెనం మితిమీరి కాగింది. ఆ వేడిలో పిండి కింద ఆవిరి లేచి, పిండి పెనాన్ని పట్టుకోదు. తిప్పుతున్న గరిటెతో పాటు ముద్దగా లేచి వచ్చేస్తుంది. ఇంకొంచెం నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, చిలకరించిన నీళ్లు చుయ్‌మని ఇగిరే వేడికి దించి పిండి వేయండి. స్టీల్ పాన్‌లో చేప అంటుకోవడానికీ, పెనం మీద దోశ పరుచుకోకపోవడానికీ ఒకే పరీక్ష, గుర్తులే తలకిందులు.

నూనె పట్టిన పాత పెనం మీద బొట్టు జారడాన్ని డిగ్రీలతో పోల్చకండి. గరుకుదనం ఒకవైపు, జిడ్డు ఇంకోవైపు లాగుతాయి. దానికి చప్పుడే ప్రమాణం.

## 9. తేడా వస్తే

బొట్టు ప్రతిసారీ ఒకే పక్కకు పారిపోతోంది. పాన్‌లో దోషం కాకపోవచ్చు. స్టవ్ గానీ గట్టు గానీ వాలుగా ఉంది. పాన్‌ను సగం తిప్పి మళ్లీ చూడండి. బొట్టు అదే దిక్కుకు వెళ్తే స్టవ్ కాళ్ల కింద సరిచేయండి. పాన్‌తో పాటు దిక్కు మారితే అడుగు వంగింది. వంగిన పాన్‌లో నూనె కూడా అటే చేరుతుంది, నూనె లేని వైపు అంటుకుంటుంది.

ఎంతసేపైనా పగులుతోంది గానీ జారడం లేదు. బొట్టు మరీ చిన్నదా చూడండి. కాకపోతే పాన్‌ను పట్టిన గీతలు, తెల్ల మచ్చలు చూడండి. గరుకు చోట నీరు లోహాన్ని వదలదు, తేలడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. తోమి, నున్నగా ఉన్న చోట మళ్లీ వేయండి.

జారింది, అన్నీ వరుసగా చేశాను, అయినా అంటుకుంది. తొంభై శాతం తడి వల్లే. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్క, జారు మసాలా, ఒకేసారి ఎక్కువ ముక్కలు, ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. మిగిలిన కారణం తొందరపడి తిప్పడం.

అంటుకుపోయింది, ఇప్పుడేం చేయాలి? గీకొద్దు. స్టవ్ ఆపి, ముక్కను అలాగే రెండు నిమిషాలు వదలండి. చాలాసార్లు దానంతటదే కొంత వదులుతుంది. ముక్కలు తీసేశాక పాన్‌ను బాగా చల్లారనిచ్చి, వేడినీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టి, చెక్క గరిటెతో రుద్దితే అడుగంటినది పొరగా ఊడి వస్తుంది.